పర్సనల్ లోన్‌ను గడువుకు ముందే క్లోజ్ చేయడం: ఫోర్‌క్లోజర్ లెక్క సరిచూడటం నుంచి ముగింపు పత్రం వరకు

చిట్టీ ఎత్తినప్పుడో, యాసంగి వడ్ల డబ్బు ఖాతాలో పడినప్పుడో, పాత ప్లాటు అమ్మినప్పుడో చాలామందికి ముందుగా వచ్చే ఆలోచన నెలనెలా జీతంలో కోత పెడుతున్న పర్సనల్ లోన్‌ను ఒకేసారి తీర్చేయాలన్నదే. మహబూబ్‌నగర్‌లోనో నల్గొండలోనో ఉన్న ఫైనాన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి కంప్యూటర్‌లో చూసి ఒక మొత్తం చెబుతాడు. ఆ మొత్తంలో అసలు ఎంత, వడ్డీ ఎన్ని రోజులకు, చార్జీ దేని మీద వేశారు అన్నది చెప్పడు, మనమూ అడగము. నోటిమాటగా విన్న ఆ అంకెకు డబ్బు కట్టి, రసీదు తీసుకుని ఇంటికి వచ్చిన తరువాత కూడా లోన్ నిజంగా ముగియకుండా మిగిలిపోయిన సందర్భాలు ఉంటాయి. ఈ వ్యాసం తాకట్టు లేని, స్థిర వడ్డీ ఉన్న పర్సనల్ లోన్‌కే పరిమితం. బంగారు రుణం, ఇంటి రుణం, వాహన రుణం నియమాలు వేరు.

మొదటి మెట్టు: మీ లోన్‌కు ఫోర్‌క్లోజర్ చార్జీ వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం

ఫోర్‌క్లోజర్ చార్జీ అంటే గడువుకు ముందే మొత్తం తీర్చినందుకు రుణసంస్థ వేసే రుసుము. మీ లోన్ వడ్డీ ఫ్లోటింగ్ అయితే, అంటే రెపో రేటు వంటి బయటి ప్రమాణంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉండేదైతే, వ్యాపారేతర అవసరానికి రుణం తీసుకున్న వ్యక్తి నుంచి బ్యాంకులు ఈ చార్జీ వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే ఆదేశించింది. కొన్ని ప్రభుత్వరంగ బ్యాంకులు జీతం ఖాతాదారులకు ఇచ్చే పర్సనల్ లోన్లు ఈ కోవలోకి వస్తాయి కాబట్టి, చార్జీ ఎలాగూ ఉంటుందిలే అని ముందే ఒప్పేసుకోకుండా కాగితాలు తీసి చూడాలి. ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చేవి మాత్రం ఎక్కువగా స్థిర వడ్డీ లోన్లే. వాటికి చార్జీ వేసే హక్కు సంస్థకు ఉంటుంది, అయితే అది ముందుగా రాసి ఇచ్చిన మేరకే.

ఎక్కడ రాసి ఉంటుందన్నది ముఖ్యం. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన, పర్సనల్ లోన్ వంటి ప్రతి రిటైల్ టర్మ్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వడం తప్పనిసరి. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, బీమా, ఫోర్‌క్లోజర్ చార్జీ వంటివన్నీ అందులో ఉండాలి. అందులో లేని రుసుమును, మీ స్పష్టమైన అంగీకారం లేకుండా, రుణకాలం మధ్యలో ఎప్పుడూ వసూలు చేయకూడదు. ఆ పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నియమం ఉంది. ఆచరణలో అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, ఓటీపీ నొక్కించుకునే హడావుడిలో ఫోన్‌కు వచ్చి ఈమెయిల్ అడుగున పడి ఉంటుంది. దాన్ని వెతికి తీయడంతోనే ఈ పని మొదలవుతుంది. దొరకకపోతే సంస్థ యాప్‌లోని పత్రాల విభాగం నుంచి గానీ, కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాసి గానీ తెప్పించుకోవచ్చు.

ఆ పత్రంలో మూడు విషయాలు వెతకాలి. చార్జీ ఎంత శాతం, ఆ శాతం దేని మీద, ఎన్ని ఈఎంఐలు కట్టిన తరువాతే క్లోజ్ చేయనిస్తారు. చివరిదాన్ని లాకిన్ అంటారు. ఆరు లేదా పన్నెండు ఈఎంఐల వరకు క్లోజ్ చేయనివ్వని సంస్థలున్నాయి. రెండో విషయంలోనే డబ్బు ఎక్కువగా పోతుంది. ‘మిగిలిన అసలు మీద 4 శాతం’ అన్నదానికీ ‘మంజూరైన మొత్తం మీద 4 శాతం’ అన్నదానికీ మధ్య, లోన్ సగం తీరిన వ్యక్తికి, తేడా దాదాపు రెట్టింపు ఉంటుంది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా పునరుద్ధరించిన లోన్ల విషయంలో ఈ సందేహానికి తావు లేదు. టర్మ్ లోన్‌పై ముందస్తు చెల్లింపు చార్జీ వేస్తే అది ముందుగా చెల్లిస్తున్న మొత్తం ఆధారంగానే ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూలైలో జారీ చేసిన ఆదేశాలు చెబుతున్నాయి. అంతకుముందు తీసుకున్న లోన్‌కు ఒప్పందంలోని మాటే ఆధారం.

రెండో మెట్టు: సంస్థను అడగకముందే మీ లెక్క మీరు వేసుకోవడం

ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పనిచేసే ఉద్యోగి 2025 ఫిబ్రవరి 5న ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి ₹3,00,000 తీసుకున్నాడనుకుందాం. వడ్డీ స్థిరంగా ఏడాదికి 15 శాతం, కాలం 36 నెలలు, ఈఎంఐ ₹10,400, ప్రతి నెలా 5వ తేదీన ఖాతా నుంచి పోతుంది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ‘మిగిలిన అసలు మీద 4 శాతం, అదనంగా జీఎస్టీ, 12 ఈఎంఐల తరువాత’ అని ఉంది. 2026 ఏప్రిల్ 5న పద్నాలుగో ఈఎంఐ పోయింది. అతను ఏప్రిల్ 16న లోన్ క్లోజ్ చేయాలనుకుంటున్నాడు.

మిగిలిన అసలు ఎంతో తెలుసుకోవడానికి లోన్‌తో పాటు ఇచ్చిన ఈఎంఐల పట్టికలో పద్నాలుగో వరుస చివరి గడి చూస్తే చాలు. పట్టిక దగ్గర లేకపోతే ఫోన్‌లోని ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఈ ఒక్క వరుస టైప్ చేయవచ్చు:

```
=FV(15%/12, 14, 10400, -300000)
```

ఇందులో వరుసగా ఉన్నవి నెలవారీ వడ్డీ రేటు, కట్టిన ఈఎంఐల సంఖ్య, ఈఎంఐ, తీసుకున్న మొత్తం. వచ్చే జవాబు ₹1,98,944. పద్నాలుగు నెలల్లో కట్టినది ₹1,45,600 అయినా అసలులో తగ్గింది లక్ష రూపాయలకు కాస్త ఎక్కువే. మొదటి నెలల ఈఎంఐలో వడ్డీ వాటా పెద్దది కాబట్టి అలా ఉంటుంది, అందులో మోసం లేదు.

తరువాత, చివరి ఈఎంఐ తేదీ నుంచి క్లోజ్ చేసే రోజు వరకు వడ్డీ. ఇది రోజుల లెక్కన వేయాలి. ₹1,98,944 మీద 15 శాతం అంటే ఏడాదికి ₹29,842. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సుమారు ₹81.76 వస్తుంది. ఏప్రిల్ 5 నుంచి 16 వరకు 11 రోజులకు ₹899. ఈ రోజువారీ అంకెను విడిగా రాసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే చెల్లింపు తేదీ ఒకటి రెండు రోజులు అటూఇటూ అయితే లెక్క అంత మేరకే మారాలి.

చివరగా చార్జీ. ₹1,98,944 మీద 4 శాతం ₹7,958, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹1,432. జీఎస్టీ చార్జీ మీదే పడుతుంది, అసలు మీదా వడ్డీ మీదా పడదు. నాలుగూ కలిపితే ఏప్రిల్ 16న కట్టవలసినది ₹2,09,233.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, క్లోజ్ చేయడం లాభమా అని చూసుకోవాలి. గడువు వరకు కట్టుకుంటూ పోతే ఇంకా 22 ఈఎంఐలలో పోయే వడ్డీ సుమారు ₹29,850. ఇప్పుడు క్లోజ్ చేస్తే చార్జీ, జీఎస్టీ, పదకొండు రోజుల వడ్డీ కలిపి ₹10,289. మిగిలేది సుమారు ₹19,500. ఇది క్లోజ్ చేయదగిన లోన్. అయితే ఇదే లోన్‌లో ఆరు ఈఎంఐలే మిగిలి ఉంటే కథ తిరగబడుతుంది. అప్పుడు మిగిలిన అసలులో వడ్డీ 4.4 శాతమే ఉంటుంది, చార్జీ జీఎస్టీతో కలిపి 4.72 శాతం అవుతుంది, అంటే అప్పు తీర్చినందుకు ఎదురు కట్టుకున్నట్టే. ఏడు ఈఎంఐలు మిగిలినప్పుడు లాభం నామమాత్రం. 15 శాతం వడ్డీ, 4 శాతం చార్జీ ఉన్న లోన్‌ను చివరి ఆరేడు నెలల్లో క్లోజ్ చేయడం డబ్బు పరంగా అర్థం లేని పని. ఆ డబ్బును ఖాతాలో ఉంచి ఈఎంఐలు పోనివ్వడమే మేలు. క్లోజ్ చేయడానికి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చేవారి గురించి కూడా చెప్పాలి. అది ఏడాదికి 24 శాతం, కాబట్టి 15 శాతం అప్పును 24 శాతం అప్పుతో తీర్చినట్టవుతుంది.

మూడో మెట్టు: అంకెను రాతపూర్వకంగా తెప్పించుకోవడం

ఈఎంఐ పోయిన మూడు నాలుగు రోజుల తరువాత, అది లోన్ ఖాతాలో జమ అయినట్టు చూసుకుని, ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ కోసం రాయాలి. ఈఎంఐ తేదీకి ముందు వారంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. ఆటోమేటిక్ డెబిట్ సూచన బ్యాంకుకు ముందే వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి, మీరు లోన్ తీర్చిన తరువాత కూడా ఈఎంఐ మరోసారి పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ తిరగాలి. కొన్ని సంస్థలు ఆ రోజుల్లో ఫోర్‌క్లోజర్ అభ్యర్థనే తీసుకోవు.

బ్రాంచికి వెళ్లి అడిగినా సరే, అదే విషయాన్ని రిజిస్టర్ చేసిన ఈమెయిల్ నుంచి కూడా రాయాలి. ఇంత చాలు:

‘నా లోన్ ఖాతా నంబర్ ఫలానా. 2026 ఏప్రిల్ 16న పూర్తి మొత్తం చెల్లించి ముందస్తుగా క్లోజ్ చేయదలచాను. ఆ తేదీ నాటికి మిగిలిన అసలు, ఆ తేదీ వరకు వడ్డీ, ఫోర్‌క్లోజర్ చార్జీ, జీఎస్టీ, ఇతర బకాయిలు ఉంటే అవి, విడివిడిగా చూపుతూ స్టేట్‌మెంట్ పంపగలరు. ఆ మొత్తం ఏ తేదీ వరకు చెల్లుతుంది, తరువాత రోజుకు ఎంత వడ్డీ కలుస్తుంది, ఏ ఖాతాకు చెల్లించాలి అన్నవి కూడా తెలుపగలరు.’

ఎందుకు మానుకుంటున్నారని, వడ్డీ తగ్గిస్తామని, టాపప్ ఇస్తామని ఫోన్లు వస్తాయి. వాటికి మర్యాదగా ‘స్టేట్‌మెంట్ పంపండి’ అని ఒకే మాట చెప్పాలి. టాపప్ అంటే పాత లోన్‌ను కొత్త, పెద్ద లోన్‌లో కలపడం. దానితో చార్జీ మాఫీ అయినట్టు కనిపించినా, వడ్డీ ఎక్కువగా పోయే మొదటి నెలలు మళ్లీ మొదటినుంచి మొదలవుతాయి.

నాలుగో మెట్టు: వచ్చిన స్టేట్‌మెంట్‌ను మీ లెక్కతో పోల్చడం

మన ఉదాహరణలో స్టేట్‌మెంట్ ఇలా వచ్చిందనుకుందాం. మిగిలిన అసలు ₹1,98,944. వడ్డీ ₹2,487. ఫోర్‌క్లోజర్ చార్జీ ₹12,000. జీఎస్టీ ₹2,160. మొత్తం ₹2,15,591. మనం వేసుకున్నదానికంటే ఇది ₹6,358 ఎక్కువ.

అసలు సరిపోయింది, కాబట్టి తేడా మరెక్కడో ఉంది. వడ్డీ ₹2,487 అన్నది చూడగానే గుర్తుపట్టవచ్చు. అది ₹1,98,944కు సరిగ్గా ఒక నెల వడ్డీ, అంటే మే 5 వరకు వేశారు. ఏప్రిల్ 16న అప్పు తీరిపోతుంటే తరువాతి పందొమ్మిది రోజుల వడ్డీకి ఆధారం లేదు. ఒప్పందంలో అలా అనుమతించే వాక్యం ఉంటే ఉండవచ్చు, దాన్ని చూపమని అడగాలి. చార్జీ ₹12,000 అన్నది ₹3,00,000 మీద 4 శాతం. అంటే మిగిలిన అసలు మీద కాకుండా మంజూరైన మొత్తం మీద వేశారు. ఇది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో రాసినదానికి నేరుగా విరుద్ధం. జీఎస్టీ తేడా దాని వెంటే వచ్చింది.

తేడా ఎక్కడినుంచి పుట్టిందో ఇలా వరుసవారీగా చూపినప్పుడు సంస్థ నుంచి జవాబు త్వరగా వస్తుంది. ‘ఎక్కువ వేశారు, తగ్గించండి’ అని రాస్తే అది రాయితీ కోరినట్టుగా మారిపోయి, ‘పాలసీ ప్రకారం కుదరదు’ అన్న సమాధానంతో ముగుస్తుంది. అందువల్ల ఈమెయిల్‌లో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ కాపీ జతచేసి, రెండు అంశాలనూ అంకెలతో చూపి, సవరించిన స్టేట్‌మెంట్ పంపమని కోరాలి.

స్టేట్‌మెంట్‌లో ‘ఇతర చార్జీలు’ అని ఒక వరుస ఉంటే దాన్ని విడగొట్టి ఇవ్వమనాలి. ఎప్పుడో ఒక నెల ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్స్ అయితే ఆ బౌన్స్ చార్జీ, ఆలస్య రుసుము అందులో ఉంటాయి. అవి న్యాయమైన బకాయిలే కావచ్చు. అయితే 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమం ప్రకారం, ఆలస్యానికి వేసేది రుసుముగానే ఉండాలి గానీ వడ్డీ రేటుకు కలపకూడదు, ఆ రుసుము మీద మళ్లీ వడ్డీ లెక్కగట్టకూడదు. ఒకసారి మాఫీ చేశామని చెప్పిన రుసుము క్లోజ్ చేసే రోజు మళ్లీ ప్రత్యక్షమైతే పాత ఈమెయిల్ చూపాలి.

సంస్థ వెంటనే సవరించకపోతే ఏం చేయాలన్నది ఆలోచించవలసిన విషయం. రోజుకు ₹82 చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఫిర్యాదు ముప్పై రోజులు సాగితే ₹2,450 దాకా అందులోనే పోతుంది. తేడా రెండు మూడు వందలే అయితే కట్టేసి ముందుకు పోవడమే తెలివి. ఆరు వేలు దాటినప్పుడు మాత్రం సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అలా రాస్తున్న కాలంలో ఈఎంఐ ఆపకూడదు. వివాదం ఉన్నదని ఈఎంఐ మానేస్తే ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది, అసలు గొడవ గెలిచినా ఆ మచ్చ మిగులుతుంది. వేచి చూడలేని పరిస్థితి ఉంటే, ‘చార్జీ లెక్కపై నా అభ్యంతరాన్ని నిలుపుకుంటూ ఈ మొత్తం చెల్లిస్తున్నాను’ అని ఈమెయిల్ రాసి, స్టేట్‌మెంట్‌లోని పూర్తి మొత్తం కట్టి, ఎక్కువైన భాగం వాపసు కోసం ఫిర్యాదు కొనసాగించవచ్చు. సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ cms.rbi.org.in లో ఉచితంగా దాఖలు చేయవచ్చు. వకీలు అవసరం లేదు. మొదట సంస్థకు రాసిన ఈమెయిల్ తేదీ అక్కడ అడుగుతారు కాబట్టి, బ్రాంచిలో నోటితో చెప్పిన ఫిర్యాదు పనికిరాదు.

అయిదో మెట్టు: డబ్బు కట్టడం

సవరించిన స్టేట్‌మెంట్ ₹2,09,233తో వచ్చిందనుకుందాం. దానిలో చూపిన ఖాతాకే, అందులో రాసిన గడువులోపే, పైసలతో సహా అంతే మొత్తం పంపాలి. చాలా సంస్థలు ఒక్కో లోన్‌కు ఒక ప్రత్యేక ఖాతా నంబర్ ఇస్తాయి, ఆర్టీజీఎస్ లేదా నెఫ్ట్ ద్వారా అక్కడికి పంపితే డబ్బు నేరుగా ఆ లోన్‌కు చేరుతుంది. వసూలుకు వచ్చే వ్యక్తి తన యూపీఐ నంబర్‌కు పంపమన్నా, నగదు ఇస్తే ఈ రోజే క్లోజ్ చేయిస్తానన్నా ఒప్పుకోకూడదు. యాప్ ద్వారా తీసుకున్న లోన్ అయితే, యాప్ పేరు ఒకటి, అప్పిచ్చిన సంస్థ పేరు మరొకటి ఉంటుంది. డబ్బు చేరవలసింది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో అప్పిచ్చిన సంస్థగా ఉన్న దాని ఖాతాకే.

ఈ మెట్టులో తరచుగా జరిగే పొరపాటు ఫోర్‌క్లోజర్ అభ్యర్థన నమోదు కాకుండానే డబ్బు పంపడం. యాప్‌లో ‘మిగిలిన అసలు’ అని కనిపించిన అంకెను చూసి అంత మొత్తం పంపేస్తారు. సంస్థ సాఫ్ట్‌వేర్ దాన్ని ముందస్తు ఈఎంఐలుగానో, సర్దుబాటు కాని జమగానో పక్కన పెడుతుంది. అసలు తగ్గదు, వడ్డీ ఆగదు, వచ్చే నెల ఈఎంఐ మళ్లీ ఖాతా నుంచి పోతుంది. కట్టిన మూడు నాలుగు రోజుల తరువాత లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఇది తెలిసిపోతుంది. అసలు నిల్వ సున్నా కాకుండా ‘అదనపు మొత్తం’ అనే వరుసలో మీ డబ్బు కనిపిస్తే, వెంటనే ఫోర్‌క్లోజర్ కింద సర్దుబాటు చేయమని, డబ్బు చేరిన తేదీ నుంచే వడ్డీ ఆపమని రాయాలి. అందుకు ఆధారం ఆ చెల్లింపుకు గుర్తుగా బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్, కాబట్టి దాన్ని స్క్రీన్‌షాట్‌తో పాటు దాచుకోవాలి. పది ఇరవై రూపాయలు తక్కువ పంపినా ఇదే గతి పడుతుంది. స్టేట్‌మెంట్ గడువు దాటాక పంపితే ఆ ఒకటి రెండు రోజుల వడ్డీయే బకాయిగా నిలిచి లోన్ తెరిచే ఉంటుంది.

ఆరో మెట్టు: ముగింపు పత్రంలో ఏమి ఉండాలి

డబ్బు కట్టిన రసీదు డబ్బు అందిందని మాత్రమే చెబుతుంది. అప్పు ముగిసిందని చెప్పేది ముగింపు పత్రం. దీన్ని లోన్ క్లోజర్ లెటర్ అని, నో డ్యూస్ సర్టిఫికెట్ అని, వాడుకలో ఎన్‌ఓసీ అని అంటారు. పేరు ఏదైనా దానిలోని వాక్యాలనే చూడాలి. సాధారణంగా కొన్ని రోజుల్లో ఈమెయిల్‌కు వస్తుంది. సంతకం అక్కర్లేని కంప్యూటర్ పత్రమైనా ఇబ్బంది లేదు, సంస్థ అధికారిక ఈమెయిల్ నుంచి వచ్చి ఉండాలి. యాప్ నడిపే మధ్యవర్తి పంపిన ‘అభినందనలు, మీ లోన్ పూర్తయింది’ అన్న సందేశం ఈ పత్రానికి సాటిరాదు.

మొదట గుర్తింపు వివరాలు. మీ పేరు పాన్ కార్డులో ఉన్నట్టుగా ఉందా, లోన్ ఖాతా నంబర్ ఒక్క అంకె కూడా తేడా లేకుండా ఉందా, మంజూరైన మొత్తం, తేదీ సరిపోయాయా అన్నవి చూడాలి. ఒకే సంస్థలో పర్సనల్ లోన్‌తో పాటు ఫోన్ లేదా టీవీ కొన్న ఈఎంఐ కార్డు ఖాతా కూడా ఉన్నవారికి ఇది మరీ అవసరం. పత్రం చిన్న ఖాతాకు వచ్చి పెద్దది తెరిచి ఉండవచ్చు.

తరువాత, చెల్లింపు గురించిన వాక్యం. ఫలానా తేదీన పూర్తి మొత్తం అందింది, లోన్ ఆ తేదీతో ముగిసింది అని ఉండాలి. ముగింపు తేదీ మీరు డబ్బు పంపిన తేదీకి దగ్గరగా ఉండాలి. నెల తరువాతి తేదీ ఉంటే మధ్యలో వడ్డీ వేశారా అని లోన్ స్టేట్‌మెంట్‌లో చూడాలి.

పత్రానికి ప్రాణం ‘ఈ లోన్ కింద రుణగ్రహీత నుంచి అసలు, వడ్డీ, చార్జీలు సహా ఏ బకాయీ లేదు’ అన్న వాక్యం. ‘ఈఎంఐ బకాయిలు లేవు’ అని మాత్రమే ఉంటే అది చాలదు. ఆలస్య రుసుములు మిగిలి ఉన్నప్పుడు కూడా ఆ మాట నిజమే అవుతుంది. ‘చెక్కు నగదయిన మీదట’ వంటి షరతు ఉంటే, డబ్బు జమ అయిన తరువాత షరతు లేని పత్రం మళ్లీ అడగాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది సెటిల్‌మెంట్ అన్న మాట. మనం కట్టింది పూర్తి మొత్తం. కానీ బాకీ కట్టలేనివారితో సంస్థ కొంత తగ్గించుకుని రాజీ చేసుకున్నప్పుడు కూడా అదే మాట వాడతారు, ఆ ఖాతా క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. పూర్తిగా తీర్చిన లోన్ ‘క్లోజ్డ్’ అని నమోదు కావాలి. సెటిల్డ్ అని ఉన్న వ్యక్తికి రేపు ఇంటి రుణం ఇచ్చే బ్యాంకు వెనకాడుతుంది. కాబట్టి మీ పత్రంలో రాజీ, మాఫీ, వన్ టైమ్ సెటిల్‌మెంట్ అన్న మాటలేవీ ఉండకూడదు. పాత బౌన్స్ చార్జీలో కొంత తగ్గించమని బేరమాడేటప్పుడు కూడా, ఖాతా క్లోజ్డ్ అనే నమోదవుతుందా అని ముందుగా రాతలో అడిగి తెలుసుకోవాలి. నాలుగైదు వందల తగ్గింపు కోసం రిపోర్టులో ఆ మాట తెచ్చుకోవడం తగదు.

సహ దరఖాస్తుదారుగా భార్యో, జామీనుగా తోటి ఉద్యోగో సంతకం చేసి ఉంటే, వారి బాధ్యత కూడా ముగిసినట్టు పేరుతో సహా ఉండాలి. లోన్ తీసుకునేటప్పుడు సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే, వాటి నంబర్లతో తిరిగి ఇచ్చినట్టో రద్దు చేసినట్టో రాయించుకోవాలి. చెక్కు నంబర్లు మీ పాత చెక్‌బుక్ ఆకుల మొదళ్లలో దొరుకుతాయి. ఈఎంఐ ఆటోమేటిక్ డెబిట్ మాండేట్ రద్దు చేసినట్టు ఒక వాక్యం ఉంటే మేలు, లేకపోతే విడిగా అడగాలి. పత్రంతో పాటు మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఉన్న లోన్ స్టేట్‌మెంట్ కూడా తీసుకోవాలి. దాని చివరి నిల్వ సున్నా అని చూపాలి. రేపు ఎవరైనా బాకీ ఉందంటే, లెటర్ కంటే ఈ స్టేట్‌మెంటే వివరంగా జవాబు చెబుతుంది.

ఏడో మెట్టు: మాండేట్, బీమా, క్రెడిట్ రిపోర్టు

మీ బ్యాంకు యాప్‌లో మాండేట్ల విభాగం తెరిచి, ఆ సంస్థ పేరుతో ఉన్నది ఇంకా నడుస్తుంటే రద్దు చేయాలి. యాప్‌లో కుదరకపోతే జీతం ఖాతా ఉన్న బ్రాంచిలో మాండేట్ నంబర్ రాసి దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. అయితే ముగింపు పత్రం చేతికి వచ్చిన తరువాతే ఈ పని చేయాలి, ముందే రద్దు చేసి మధ్యలో లోన్ తెరిచి ఉంటే ఈఎంఐ బౌన్స్ కింద లెక్కపడుతుంది.

లోన్ ఇచ్చిన రోజే బీమా ప్రీమియం కోసుకుని ఉంటే, ఆ పాలసీ కాలం ఇంకా మిగిలే ఉంటుంది. పాలసీ షరతుల్లో ఉంటే, మిగిలిన కాలానికి ప్రీమియంలో కొంత వాపసు వస్తుంది. దానికి ముగింపు పత్రం కాపీతో బీమా కంపెనీకి విడిగా రాయాలి. రుణసంస్థ దానంతట అది గుర్తుచేయడం అరుదు.

క్రెడిట్ రిపోర్టు చూడటానికి కనీసం నెల ఆగాలి. సంస్థలు ఇప్పుడు నెలలో కనీసం రెండుసార్లు సమాచారం పంపవలసి ఉన్నా, అది రిపోర్టులో కనిపించడానికి కొంత సమయం పడుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. ఒకదానిలో సరిగా ఉంటే అన్నిటిలోనూ ఉందనుకోకూడదు. ఆ లోన్ ఎదురుగా నిల్వ సున్నా, స్థితి క్లోజ్డ్, ముగింపు తేదీ మీ పత్రంలోనిదే ఉండాలి. తేడా ఉంటే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం నమోదు చేసి, ముగింపు పత్రం కాపీని రుణసంస్థకు కూడా పంపాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ ₹100 చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు నంబర్, తేదీ మీ దగ్గర ఉంటేనే దాన్ని అడగగలరు.